పైన కోడి గడ్డకట్టింది, కింద పప్పు పులిసింది: ఫ్రిజ్ విషయంలో వినకూడని సలహాలు

"గ్యాస్ అయిపోయినట్టుందన్నా. పట్టియ్యాలె."

ఫ్రిజ్ కింది అరలు చల్లబడడం లేదని ఒకరు అనగానే ముందుగా వినిపించే సలహా ఇదే. దోహా నడిబొడ్డున ఉన్న పాత పేట ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక ఫ్లాట్‌లో నాలుగు ఊళ్ల మనుషులు కలిసి ఉంటారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లూ ఉంటారు, గోదావరి జిల్లాల వాళ్లూ ఉంటారు. వంటగది ఒకటే, ఫ్రిజ్ ఒకటే, అందులో మనిషికో అర. రేపటి డ్యూటీకి తీసుకెళ్లాల్సిన కూర ఈ రాత్రే వండి అందులో పెట్టుకుంటారు. కింది అర చల్లబడలేదంటే పొద్దున డబ్బా మూత తీసేసరికి పులిసిన వాసన కొడుతుంది. ఎండలో పని చేసే మనిషికి మధ్యాహ్నం తిండి పోయినట్టే. అందుకే ఈ ఒక్క జబ్బు గురించి నాకు పట్టింపు ఎక్కువ. ఫ్రిజ్‌లు బాగుచేసే పనిలో ఉండి ఈ జబ్బుకు జనం చెప్పే సలహాలు అన్నీ విన్నాను. వాటిలో చాలావరకు డబ్బు పోగొట్టేవి, కొన్ని ఫ్రిజ్‌నే పోగొట్టేవి.

గ్యాస్ సలహా ఎందుకు తప్పో తెలియాలంటే చల్లదనం ఎక్కడ పుడుతుందో తెలియాలి. మంచు పేరుకోని రకం డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో చాలావాటికి చల్లని కాయిల్ ఒక్కటే ఉంటుంది. అది ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ పలక చాటున ఉంటుంది. దాని పక్కన ఒక చిన్న ఫ్యాన్ ఉంటుంది. ఆ ఫ్యాన్ చల్లగాలిలో ఎక్కువ భాగాన్ని ఫ్రీజర్‌లోకి తోసి, కొద్ది భాగాన్ని ఒక గొట్టం లాంటి దారిలో కిందికి పంపుతుంది. కింది గదికి సొంతంగా చల్లదనం పుట్టించే భాగం ఏదీ లేదు. పైనుంచి వచ్చే ఆ కాస్త గాలే దానికి ఆధారం. ఆ దారిలో ఒక చిన్న రెక్క ఉంటుంది. దాన్నే డ్యాంపర్ అంటాం. చెరువుకు తూము ఎలాగో ఫ్రీజర్‌కు ఈ రెక్క అలాగ. చెరువు నిండుగా ఉన్నా తూము మూసుకుంటే కింది మడి ఎండిపోతుంది.

ఇప్పుడు గ్యాస్ సంగతికి వద్దాం. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడేకొద్దీ తరిగేది కాదు. మూసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడో కారితే తప్ప తగ్గదు. తగ్గితే ఫ్రీజర్ కూడా దెబ్బ తింటుంది. ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంది, కాయిల్ మీద ఒక మూల మాత్రమే తెల్లగా మంచు పట్టి మిగతాది మంచు లేకుండా మిగులుతుంది. పైన కోడి కత్తి దిగనంతగా గడ్డకట్టి ఉందంటే గ్యాస్ సరిగానే ఉందని ఫ్రీజరే సాక్ష్యం చెబుతోంది. ఆ సాక్ష్యాన్ని పక్కన పెట్టి గ్యాస్ పట్టించడమంటే బాగున్న పైపును కోసి, కొత్త అతుకు వేసి, ఆ అతుకు దగ్గర రేపు కారే అవకాశాన్ని కొనుక్కోవడమే. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది R600a. అది మండే గ్యాస్. వెనక స్టిక్కర్ మీద ఆ పేరు కనిపిస్తే, కిటికీ లేని వంటగదిలో దాని పైపు మీద మంట పెట్టనివ్వకండి.

నేను చూసిన ఒక ఫ్లాట్ సంగతి చెబుతాను. గాలిలో చెమ్మ బాగా ఉండే సెప్టెంబరు అది. ఇంటికి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర కొన్న పాత డబుల్ డోర్ ఫ్రిజ్. ఫ్రీజర్‌లో ఒక నాబ్, కింది గదిలో ఒక నాబ్. నేను వెళ్లేసరికి రెండూ చివరి అంకె మీద ఉన్నాయి. "చల్లగ అయితలేదని రెండూ ఫుల్ పెట్టినమన్నా" అన్నాడు తలుపు తీసిన తమ్ముడు.

రెండో తప్పుడు సలహా ఇదే, అన్నిటికన్నా ఎక్కువగా పాటించేదీ ఇదే. నాబ్ ఎంత తిప్పితే అంత చల్లదనం అనుకోవడం సహజమే. కానీ ఇలాంటి ఫ్రిజ్‌లో రెండు నాబ్‌లూ ఒకే పని చెయ్యవు. ఆ ఇంట్లో ఉన్న మోడల్‌లో కింది నాబ్ థర్మోస్టాట్. కంప్రెసర్ ఎంతసేపు నడవాలో అది తేలుస్తుంది, అదీ కింది గది గాలిని చూసి. ఫ్రీజర్‌లోని నాబ్‌కు కంప్రెసర్‌తో సంబంధమే లేదు. అది రెక్కను జరుపుతుంది, అంతే. దాన్ని 'ఎక్కువ చలి' వైపు తిప్పితే రెక్క మూసుకుంటూ వస్తుంది. కిందికి పోవాల్సిన గాలి కూడా పైనే ఉండిపోతుంది. అప్పుడు ఏమవుతుందో చూడండి. కింది గది వేడిగానే ఉంటుంది కాబట్టి థర్మోస్టాట్ కంప్రెసర్‌ను ఆపదు. కంప్రెసర్ ఆగదు కాబట్టి ఫ్రీజర్ ఇంకా ఇంకా గడ్డకడుతుంది. కింది అరల వాళ్లు పాలు విరిగాయని పై నాబ్‌ను మళ్లీ తిప్పుతారు. జబ్బు, మందు రెండూ ఒకే దిక్కుకు నడుస్తాయి.

ఇంకొన్ని మోడళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. ఫ్రీజర్ నాబ్ కంప్రెసర్‌ను, కింది నాబ్ రెక్కను నడుపుతాయి. మీ ఫ్రిజ్ ఏ రకమో దాని పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేకపోతే రెండు నాబ్‌లనూ మధ్య అంకె మీద పెట్టి ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోకుండా వదిలెయ్యండి. నాబ్ తిప్పిన గంటకే తలుపు తీసి చెయ్యి పెట్టి చూస్తే ఏమీ తెలియదు. లోపలి సరుకంతా కొత్త చలికి రావడానికి ఇరవై నాలుగు గంటలు పడుతుంది.

చేత్తో చూడడం కూడా ఒక తప్పుడు అలవాటే. నలభై డిగ్రీల వంటగదిలోంచి చెయ్యి లోపల పెడితే 14 డిగ్రీలు కూడా చల్లగానే ఉంటుంది. చిన్న థర్మామీటర్ కొనండి. ఒక గ్లాసు నీళ్లలో దాన్ని వేసి మధ్య అరలో రాత్రంతా ఉంచండి. తలుపు తీసినప్పుడల్లా గాలి మారిపోతుంది, నీళ్లు అంత త్వరగా మారవు కాబట్టి నిజం చెబుతాయి. కింద 5 డిగ్రీలకు మించకూడదు. ఫ్రీజర్‌లో పొట్లాల మధ్య పెడితే మైనస్ 18 దగ్గర ఉండాలి. ఆ ఫ్లాట్‌లో పొద్దున నీళ్ల గ్లాసు 13 చూపింది, ఫ్రీజర్ మైనస్ 23 చూపింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే చల్లదనం పుడుతోందని, కిందికి దిగడం లేదని తేలిపోతుంది. అలాంటప్పుడు ఫ్రిజ్ వెనక బయటి కాయిల్ దుమ్ము దులపమనే సలహా గానీ, వంటగది వేడి ఎక్కువనే మాట గానీ పనికిరావు. దుమ్ము దులపడం మంచి పనే. కానీ వేడీ దుమ్మూ కారణమైతే పై గది కూడా కింది గదితో పాటే నీరసించాలి.

గాలి దిగడం లేదంటే ఆగే చోట్లు కొన్నే. ఫ్యాన్ తిరగకపోవచ్చు. కాయిల్ చుట్టూ మంచు గోడ కట్టి గాలి దూరకపోవచ్చు. రెక్క మూసుకుపోయి ఉండవచ్చు. లేదా రెక్క బాగానే ఉండి, ఎవరో గాలి వచ్చే కంతకు అడ్డంగా గిన్నె పెట్టి ఉండవచ్చు. ఈ చివరిది మనిషికో అర ఉన్న ఇళ్లలో తరచూ జరుగుతుంది. శుక్రవారం సెలవు కదా, వారానికి సరిపడా వండుకుంటారు. పెద్ద తపేలా పై అరలో వెనక్కి జరిపి పెడతారు. గాలి కంత సరిగ్గా అక్కడే ఉంటుంది. కంత ముందు నాలుగు వేళ్ల సందు ఉంచాలి. పై అర ఎవరిదైతే వాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ల తపేలా వల్ల కింది అరల వాళ్ల పాలు విరుగుతాయి.

ఫ్యాన్ సంగతి తేల్చడానికి ఏమీ విప్పనక్కర్లేదు. చాలా ఫ్రిజ్‌లలో తలుపు తీయగానే ఫ్యాన్ ఆగిపోతుంది. తలుపు చట్రం మీద ఉన్న చిన్న బటన్‌ను వేలితో నొక్కి పట్టుకుంటే తలుపు మూశారనుకుని ఫ్యాన్ మళ్లీ తిరుగుతుంది. అప్పుడు ఫ్రీజర్‌లో గాలి కంత దగ్గర పల్చటి టిష్యూ కాగితం ముక్క పట్టండి. అది ఎగరాలి. తరువాత కింది గది బటన్ నొక్కి కింది కంత దగ్గర అదే ముక్క పట్టండి. అక్కడా కాస్తయినా కదలాలి. ఆ ఫ్లాట్‌లో పైన కాగితం నిటారుగా లేచింది. కింద వేలాడుతూ ఉండిపోయింది. ఈ పరీక్ష చేసేటప్పుడు కంప్రెసర్ నడుస్తూ ఉండాలి. అది ఆగి ఉన్నప్పుడు చాలా మోడళ్లలో ఫ్యాన్ కూడా ఆగుతుంది కాబట్టి తప్పు జవాబు వస్తుంది.

కాయిల్ మంచుతో పూడిందా అన్నది ఫ్రీజర్ వెనక పలకే చెబుతుంది. కాయిల్ మీద పట్టే మంచును కరిగించడానికి లోపల ఒక హీటర్ ఉంటుంది. కొన్ని గంటలకొకసారి కొద్ది నిమిషాలు అది వేడెక్కుతుంది. హీటర్ గానీ, దాన్ని నడిపే టైమర్ గానీ పోతే మంచు పెరుగుతూ పలక మీదికి కూడా తెల్లగా వచ్చేస్తుంది. ముందు కింది గది వేడెక్కుతుంది, ఆ తరువాత కొన్నాళ్లకు ఫ్రీజర్ కూడా నీరసిస్తుంది. ఈ ఫ్లాట్‌లో పలక శుభ్రంగా ఉంది. కాబట్టి దారి మధ్యలోనే అడ్డు ఉంది, అంటే రెక్క దగ్గర.

"కానీ అన్నా, పోయిన వారం రాత్రంతా బంద్ పెట్టి పొద్దున వేస్తే మంచిగైంది. మూడు రోజులు మంచిగ నడిచింది" అన్నాడు ఆ తమ్ముడు. ఇది మూడో సలహా. సగం నిజం ఉన్నందువల్లే ఇది మిగతావాటికన్నా ఎక్కువ మోసం చేస్తుంది. ఆపితే రెక్కను పట్టిన మంచు కరుగుతుంది, గాలి దిగుతుంది, ఫ్రిజ్ బాగైందనిపిస్తుంది. కానీ ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? రెక్క ఉండే డబ్బా చాలా మోడళ్లలో థర్మోకోల్‌తో చేసినది. దాని సందుల్లో, మూలల్లో నీళ్లు నిలుస్తాయి. ఆరకముందే స్విచ్ వేస్తే మైనస్ ఇరవై గాలి వచ్చి ఆ నీళ్లనే మళ్లీ గడ్డకట్టిస్తుంది, ఈసారి సరిగ్గా రెక్క ఇరుసు దగ్గర. అందుకే రెండోసారి జబ్బు మొదటిసారికన్నా త్వరగా తిరగబెడుతుంది. ఆపితే పూర్తిగా ఆపాలి. ప్లగ్ తీసి, సరుకంతా పక్కింటి ఫ్రిజ్‌లోనో ఐస్ పెట్టెలోనో సర్ది, రెండు తలుపులూ తెరిచి, కింద పాత బట్టలు పరిచి ఒక పగలూ రాత్రీ వదలాలి. కళ్లకు కనిపించే మంచు పోయాక కూడా దారి లోపలి మంచు చాలాసేపు ఉంటుంది. టేబుల్ ఫ్యాన్ లోపలికి తిప్పి పెడితే ఆరడం త్వరగా అవుతుంది.

ఎన్ని రోజులకు తిరగబెట్టిందన్నది కూడా పనికొచ్చే ఆనవాలే. పూర్తిగా ఆరబెట్టిన తరువాత కూడా వారం పది రోజుల్లో వెనక పలక మీద మంచుతో పాటు తిరిగొస్తే హీటర్ వైపు చూడాలి. పలక శుభ్రంగా ఉండి కింది గాలి మాత్రమే ఆగితే రెక్కను చూడాలి, చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూడాలి.

మంచును కత్తితో, స్క్రూడ్రైవర్‌తో పొడిచెయ్యమనే సలహా గురించి ఒక్క మాట చాలు. కాయిల్ అల్యూమినియంది, పల్చగా ఉంటుంది. ఒక్క పోటు తగిలితే గ్యాస్ బుస్సుమని పోతుంది. అప్పటిదాకా బాగున్న ఫ్రిజ్‌కు నిజంగానే గ్యాస్ జబ్బు తెచ్చిపెట్టినట్టవుతుంది. మరిగే నీళ్లు పొయ్యడం కూడా వద్దు, చలికి బిగిసిన ప్లాస్టిక్ పగులుతుంది.

ఆ ఫ్లాట్‌లో ప్లగ్ తీసి, కింది గది పైకప్పున ఉన్న నాబ్ డబ్బా విప్పాం. నాబ్ తగ్గిస్తే చాలదు, ప్లగ్ తీయాల్సిందే. ఇక్కడ కరెంటు 240 వోల్టులు, ఆ డబ్బాలోనే దీపం తీగలూ థర్మోస్టాట్ తీగలూ ఉంటాయి. దీపం మూత తీస్తే ఒక స్క్రూ, ప్లాస్టిక్ బిరడా వెనక దాచిన ఇంకో స్క్రూ కనిపించాయి. దాచిన స్క్రూ సంగతి తెలియక లాగేవాళ్లే చాలాసార్లు డబ్బా విరగ్గొడతారు. థర్మోకోల్ ముక్క మెల్లగా కిందికి దించితే దారి కనిపించింది. వేలెడంత వెడల్పున్న రెక్క దాదాపు మూసుకుని ఉంది, అంచు చుట్టూ గాజులాంటి గట్టి మంచు. పై నాబ్ నుంచి రెక్కకు వచ్చే చిన్న ప్లాస్టిక్ కొక్కెం విరిగి ఉంది. మంచు పట్టిన రెక్కను కదల్చలేక, ఫుల్ వైపు బలంగా తిప్పినప్పుడు అది విరిగింది. ఆ తరువాత నాబ్ ఎటు తిప్పినా తిరుగుతూనే ఉంది, రెక్క మాత్రం కదలలేదు. నాబ్ మరీ తేలిగ్గా తిరుగుతోందనిపిస్తే ఇదే కారణమేమో చూడండి.

రెక్కలు అన్నీ ఇలాంటివే కావు. కొన్నింటిలో గ్యాస్ నింపిన సన్నని గొట్టం, చిన్న తిత్తి ఉంటాయి. కింది గది వేడెక్కితే తిత్తి ఉబ్బి రెక్క తెరుచుకుంటుంది, చల్లబడితే మూసుకుంటుంది. ఆ గ్యాస్ కారిపోతే చాలా మోడళ్లలో రెక్క మూసుకునే ఉండిపోతుంది. దీన్ని విప్పి గొట్టాన్ని అరచేతిలో పట్టుకుంటే కొద్దిసేపటికి రెక్క లేవాలి. లేవకపోతే అది పోయినట్టే. డిజిటల్ ప్యానెల్ ఉన్న ఫ్రిజ్‌లలో రెక్కను చిన్న మోటారు తిప్పుతుంది. ప్లగ్ తీసి కొన్ని నిమిషాల తరువాత పెడితే చాలావాటిలో ఆ మోటారు ఒకసారి తిరిగి తన స్థానం వెతుక్కుంటుంది. చెవి ఆనిస్తే సన్నటి గరగర వినిపిస్తుంది. ఆగకుండా టకటకమని కొట్టుకుంటుంటే రెక్క ఎక్కడో తట్టుకుంటోంది. ఏ చప్పుడూ లేకపోతే మోటారో, కింది గదిలోని ఉష్ణోగ్రత సెన్సారో, బోర్డో చూడాలి. ఆ పని మీటర్ ఉన్నవాళ్లకు వదిలెయ్యండి.

ఈ పని జరుగుతుండగానే ఆ ఫ్లాట్‌లో పెద్దాయన ఇంకో సలహా ఇచ్చారు. "ఆ రెక్క తీసి పారెయ్యి బాబూ, గాలి తిన్నగా దిగుద్ది. ఏ గొడవా ఉండదు." గోదావరి వైపు మనిషి, కష్టపడి సంపాదించిన డబ్బు మిగల్చాలని చెప్పిన మాట. కానీ కుదరదని చెప్పాను. రెక్క తీసేస్తే కింది గదికి అవసరానికి మించి గాలి దిగుతుంది. కింది గది త్వరగా చల్లబడగానే థర్మోస్టాట్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది, పైన ఫ్రీజర్ మెత్తబడుతుంది. ఫ్రీజర్‌ను చూసి కంప్రెసర్ నడిచే మోడళ్లలో అయితే కింద కొత్తిమీర నల్లబడుతుంది, కోడిగుడ్లు పగులుతాయి. రెండు రోజులు పాలు కాపాడుకోవడానికి రెక్కను సగం తెరిచి ఆపి ఉంచడం ఒక ఎత్తు, కొత్తది దొరికేవరకు అది నేనూ చేస్తాను. దాన్నే శాశ్వత వైద్యం అనుకోవడం ఇంకో ఎత్తు.

లోపలి స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఫోటో తీసుకుని స్పేర్ పార్ట్స్ దుకాణంలో ఆ నంబరు చెప్పి రెక్క, కొక్కెం కలిసిన భాగాన్ని తెప్పించాం. చూడ్డానికి అలాగే ఉన్న వేరే మోడల్ రెక్క తీసుకోకూడదు. అంచు ఒక పక్క సరిగా కూర్చోకపోతే అక్కడినుంచే మళ్లీ మంచు మొదలవుతుంది.

రెక్క మార్చినంత మాత్రాన పని అయిపోలేదు. మంచు ఎందుకు పట్టిందో తేలాలి. ఒక రియాల్ నోటు తీసుకుని తలుపు రబ్బరు మధ్య పెట్టి తలుపు మూసి లాగి చూశాను. మూడు వైపులా పట్టి ఆపింది, కింది మూల మాత్రం నోటు జారి వచ్చేసింది. ఆ మూల రబ్బరు ముడుచుకుపోయి ఉంది. దోహా సెప్టెంబరు గాలిలోని చెమ్మంతా ఆ సందులోంచి పగలూ రాత్రీ లోపలికి పోతోంది. దానికి తోడు మూతల్లేని గిన్నెల్లో పొగలు కక్కే కూరలు. ఆ ఆవిరి ఫ్రిజ్ లోపల బాగా చల్లని చోటు వెతుక్కుని అక్కడ గడ్డకడుతుంది. మైనస్ గాలి వచ్చి తగిలే రెక్క అంచు అలాంటి చోటే. వేడి నీళ్లలో ముంచి పిండిన బట్టతో రబ్బరును కాచి, వేళ్లతో సాగదీసి, తలుపు మూసి గట్టి టేపుతో రాత్రంతా బిగించి ఉంచితే ఆ ముడత పోయింది. చిరిగిన రబ్బరైతే ఈ పని చెయ్యదు, మార్చాల్సిందే.

రెండు నాబ్‌లూ మధ్యలో పెట్టి ఒక రోజు వదిలాక నీళ్ల గ్లాసు 4 చూపింది. ఫ్రీజర్ మైనస్ 23 నుంచి మైనస్ 18కి వచ్చింది. "పైన చలి తగ్గింది కదన్నా, పాడైందా?" అని అడిగాడు తమ్ముడు. పాడవలేదు. పైన వృథాగా ఉన్న చలే ఇప్పుడు కిందికి వెళ్తోంది. కోడికి మైనస్ 18 చాలు.

ఇక వాసన చూసి తినెయ్యమనే సలహా. ఫ్రిజ్ బాగయ్యేదాకా వండినవన్నీ పారెయ్యాలంటే ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. కానీ కడుపు పాడుచేసే సూక్ష్మజీవులు చాలావరకు వాసన ఇవ్వవు. అన్నంలో పెరిగే ఒక రకం వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు. రాత్రంతా 13 డిగ్రీల్లో ఉన్న అన్నం, మాంసం, పాలు పారెయ్యండి. పచ్చళ్లు, ఉల్లిగడ్డలు, టమాటాలకు ఏమీ కాదు. ఫ్రిజ్ బాగయ్యేదాకా రేపటి డబ్బా ఈ రాత్రి వండకండి, తెల్లవారి వండుకోండి. లేదంటే రాత్రి వండినదాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి, చిన్న డబ్బాల్లో మూత పెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, అది బాగానే ఉంది కదా.